స్కూల్ ఫీజు కోసం నెలనెలా పొదుపు: ఎఫ్‌డీయా? ఆర్‌డీయా?

నరసరావుపేటలో నెల జీతం మీద నడిచే ఒక కుటుంబం ఉందనుకుందాం. వచ్చే జూన్‌లో పాప స్కూల్ ఫీజుకు రూ.60 వేలు కావాలి. నెలకు రూ.5 వేలు పక్కన పెట్టగలరు. బ్యాంకులో ఏడాది ఎఫ్‌డీకీ, ఏడాది ఆర్‌డీకీ వడ్డీ 6.5 శాతమే అనుకుందాం. చాలా బ్యాంకుల్లో ఒకే కాలానికి ఈ రెండింటికీ రేటు ఒకటే ఉంటుంది.

రూ.60 వేలు ఒకేసారి ఎఫ్‌డీ చేస్తే ఏడాదికి దాదాపు రూ.4,000 వడ్డీ వస్తుంది. అదే మొత్తం ఆర్‌డీలో కడితే వచ్చేది సుమారు రూ.2,140. ఇది చూసి ‘ఆర్‌డీలో సగమే ఇస్తున్నారు’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి రేటు తగ్గలేదు. మొదటి వాయిదా బ్యాంకులో 12 నెలలు ఉంటే, చివరిది ఒక్క నెలే ఉంటుంది. సగటున మీ డబ్బు అక్కడ ఉండేది ఆరున్నర నెలలే.

మరి నెలనెలా రూ.5 వేలకు విడిగా ఎఫ్‌డీ చేస్తే? జూన్‌కల్లా డబ్బు చేతికి రావాలంటే చివర్లో వేసేవి మూడు నెలలకో, నెలకో వేయాలి. అంత తక్కువ కాలానికి బ్యాంకులు ఇచ్చే వడ్డీ బాగా తక్కువ. ఆర్‌డీలో మాత్రం చివరి వాయిదాకూ ఏడాది రేటే వర్తిస్తుంది. నెల జీతగాళ్లకు ఆర్‌డీ నప్పేది ఇందుకే.

గురజాల, మాచర్ల వైపు మిర్చి రైతు సంగతి వేరు. గుంటూరు యార్డులో సరుకు అమ్మాక డబ్బు ఒకేసారి వస్తుంది. దాన్ని సేవింగ్స్ ఖాతాలో ఉంచి నెలనెలా ఆర్‌డీకి మళ్లించడం నష్టమే. వచ్చే ఏడాది ఫీజు మేరకు నేరుగా ఎఫ్‌డీ చేసుకోవడం మేలు.

ఆర్‌డీ మొదలుపెట్టే నెల కూడా ముఖ్యమే. మే 5న తెరిస్తే చివరి వాయిదా ఏప్రిల్ 5న పడుతుంది, డబ్బు మే 5న చేతికొస్తుంది. జూన్ చివర్లో తెరిస్తే బడి తెరిచాక గానీ రాదు. జీతం పడిన మర్నాటికి ఆటో డెబిట్ పెట్టుకోండి. వాయిదా తప్పితే జరిమానా పడుతుంది. మధ్యలో మూసేస్తే సాధారణంగా వడ్డీ రేటులో అర శాతం నుంచి ఒక శాతం కోస్తారు.

పోస్టాఫీసు ఆర్‌డీ విషయంలో జాగ్రత్త. అది ఐదేళ్ల పథకం. మూడేళ్లు నిండక ముందు మూయడానికి వీల్లేదు, ఆ తర్వాత మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. వాయిదా తప్పితే వందకు నెలకు రూపాయి, అంటే రూ.5 వేలకు రూ.50 జరిమానా. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న బిడ్డ ఇంటర్ ఫీజుకైతే ఇది సరిపోతుంది. వచ్చే జూన్ ఫీజుకు మాత్రం బ్యాంకు ఆర్‌డీయే తెరవండి.