ఫర్మానా నుంచి 610 దాకా

చార్మినార్ దాటి, శాలిబండ మీదుగా గౌలిపుర వైపు వెళ్తే వచ్చే గల్లీల్లో పాత కాగితాలు దాచుకున్న ఇళ్లకు కొదవ లేదు. ఉర్దూలో రాసిన ముల్కీ సర్టిఫికెట్ అలాంటి కాగితాల్లో ఒకటి. ఒకప్పుడు హైదరాబాద్ సంస్థానంలో నౌకరీ కావాలంటే అది చూపించాల్సిందే. దాని వెనకున్న ముల్కీ నిబంధనలను నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హిజ్రీ 1337లో, అంటే 1919లో, ఒక ఫర్మానాతో అమల్లోకి తెచ్చాడు. శాసనసభ చర్చించి చేసిన చట్టం కాదది. రాజుగారి ఆజ్ఞ. అలాంటిది ఆయన పాలన పోయి, సంస్థానం పోయి, హైదరాబాద్ రాష్ట్రమూ పోయాక, 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు ఇంకా అమల్లోనే ఉన్నాయని చెప్పింది. అదే ఉద్యోగాల గొడవ మీద ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం 1969లో ఇచ్చిన జీవో మాత్రం మూడు నెలలు కూడా నిలవలేదు. ప్రభుత్వ కాగితానికి బలం ఎక్కణ్నుంచి వస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కథ మనకు దొరకదు.

నిజాం కాలంలో చట్టం, రూలు, సర్క్యులర్ అన్న తేడా పైస్థాయిలో లేదు. పాయిగా నవాబు వలీవుద్దౌలా 1935లో మదీనాలో చనిపోయాక ఆస్తి కోసం వారసులు కొట్లాడుకున్నారు. ఒక ఫర్మానా మీద మరో ఫర్మానా వచ్చింది. అమీరున్నీసా బేగం కేసుగా ఆ తగాదా సుప్రీంకోర్టుకు చేరినప్పుడు న్యాయమూర్తులు తేల్చిందేమిటంటే, నిజాం సర్వాధికారి. శాసనం చేసేదీ ఆయనే, పాలించేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే. కాబట్టి ఫర్మానా చట్టమే. మరో ఫర్మానా వచ్చి రద్దు చేసేదాకా దానికి తిరుగులేదు.

1950 జనవరి 26 తర్వాత లెక్క మారింది. శాసనం చేసే అధికారం సభలకు పోయింది. ఉద్యోగుల సర్వీసు రూల్స్ చేసే అధికారం 309వ అధికరణ కింద, చట్టం వచ్చేదాకా, గవర్నరుకు దక్కింది. మిగిలిన పాలనా వ్యవహారాలకు ప్రభుత్వం 162వ అధికరణ కింద ఆదేశాలు ఇచ్చుకోవచ్చు. మెమోలు, సర్క్యులర్లు, మార్గదర్శకాలు ఈ చివరి కోవలోకే వస్తాయి. వీటి హద్దును 1967లో సంత్ రామ్ శర్మ కేసు గీసింది. రాజస్థాన్‌కు చెందిన ఒక పోలీసు అధికారి పదోన్నతి తగాదా అది. రూల్స్ ఏమీ చెప్పని చోట ప్రభుత్వం ఆదేశాలతో ఖాళీ పూరించవచ్చు, కానీ రూల్‌ను ఆదేశంతో మార్చడం గానీ పక్కకు నెట్టడం గానీ కుదరదని కోర్టు చెప్పింది. ఇప్పటికీ సర్వీసు కేసుల్లో వకీళ్లు మొదట తీసేది ఈ తీర్పునే.

మరి చేతిలో ఉన్న కాగితం ఏ కోవలోదో ఎలా తెలుస్తుంది? నంబరు చూసి చెప్పలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ కూడా జీవో ఎంఎస్ 436గానే వచ్చాయి. అవి పక్కా చట్టబద్ధమైన రూల్స్. అదే ఎంఎస్ నంబరుతో ఉత్త పాలనా ఆదేశాలూ వస్తాయి. చూడాల్సింది లోపలి వాక్యం. ‘309వ అధికరణ ప్రొవైజో కింద సంక్రమించిన అధికారాన్ని వినియోగించి’ అనో, ఫలానా చట్టం ఫలానా సెక్షన్ కింద అనో ఉంటే అది రూలు. అదేమీ లేకుండా ‘ప్రభుత్వం పరిశీలించి ఇందుమూలంగా ఆదేశించడమైనది’ అని మాత్రమే ఉంటే, ఆ ఆదేశం కింది అధికారులను కట్టిపడేస్తుంది కానీ రూల్‌తో తలపడితే ఓడిపోతుంది. దశాబ్దాలు ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు కూడా ఈ ఒక్క వాక్యం చదవకుండా నంబరు మీద వాదించుకోవడం మామూలే.

ఇక 1969. ఆ జనవరి 21న బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం జీవో 36 ఇచ్చింది. తెలంగాణవాళ్లకు కేటాయించిన పోస్టుల్లో 1956 నవంబరు 1 తర్వాత చేరిన స్థానికేతరులను ఫిబ్రవరి 28కల్లా రిలీవ్ చేయాలి, వాళ్లకు ఆంధ్ర ప్రాంతంలో పోస్టులు చూపాలి, ఖాళీ లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులు సృష్టించాలి. ఈ జీవో 1959 నాటి రూల్స్‌ను ఆనుకుని ఉంది. ఆ రూల్స్ పార్లమెంటు 1957లో చేసిన ప్రభుత్వోద్యోగాల నివాసార్హత చట్టం మీద నిలబడ్డాయి. ఉద్యోగులు కోర్టుకెళ్తే, ఎ.వి.ఎస్. నరసింహారావు కేసులో మార్చి 28న సుప్రీంకోర్టు అసలు పునాదినే లాగేసింది. 16(3) అధికరణ ప్రకారం పార్లమెంటు ‘రాష్ట్రంలో’ నివాసం అడగవచ్చు గానీ, రాష్ట్రంలో ఒక ముక్కలో నివాసం అడగకూడదు. దాంతో చట్టంలోని 3వ సెక్షన్ తెలంగాణ వరకు చెల్లలేదు. సెక్షన్ పోతే రూలు పోయింది, రూలు పోతే జీవో పోయింది. జీవోలో రాత తప్పేమీ లేదు. అది ఎక్కిన కొమ్మే విరిగింది.

ముల్కీ నిబంధనల కథ ఇందుకు సరిగ్గా తిరగేసినట్టుంటుంది. పుట్టుకతో హైదరాబాద్ ప్రజ అయినవారు ముల్కీలే. బయటినుంచి వచ్చినవారైతే పదిహేనేళ్లు స్థిరంగా ఉండి, సొంతూరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నామని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇస్తే ముల్కీ అవుతారు. రాజ్యాంగం అమలైన నాటికి ఉన్న ఇలాంటి నివాస ‘చట్టాలను’ పార్లమెంటు మార్చేదాకా 35(బి) అధికరణ కాపాడుతుంది. నిజాం కాగితం ఉత్త సర్క్యులర్ అయ్యుంటే ఆ గొడుగు కిందికి వచ్చేది కాదు. ఫర్మానా కాబట్టి వచ్చింది. 1972లో హైకోర్టు ఫుల్ బెంచ్ చెల్లదన్నా, అదే ఏడాది అక్టోబరు 3న వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెల్లుతుందంది. ఆ తీర్పు మీదే జై ఆంధ్ర ఉద్యమం రాజుకుంది. నియంత రాసినది ప్రజాస్వామ్యంలో బతికి బయటపడడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈ గండం గట్టెక్కడానికి ఆరు సూత్రాలు, 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణ వచ్చాయి. దాని కింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దీని ముందు సర్వీసు రూల్సే కాదు, రాజ్యాంగంలోని ఇతర నిబంధనలూ అడ్డురావని 371-డి(10) చెబుతుంది. గౌలిపుర హైదరాబాద్ జిల్లాలో, ఆరో జోన్‌లో పడింది. అప్పట్లో గౌలిపురలో పుట్టిన కుర్రాడొకడు మేనమామ ఇంట ఉండి ఏడు నుంచి పది దాకా కర్నూలులో చదివాడనుకుందాం. ఆ ఉత్తర్వు ప్రకారం మెట్రిక్ రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ల చదువే లెక్కలోకి వచ్చేది. కాబట్టి అతను స్థానికుడయ్యేది కర్నూలు వైపే. తాతతండ్రుల ఇల్లు గౌలిపురలో ఉన్నా లాభం ఉండేది కాదు. అతని మీద జాలిపడి ఏ శాఖాధిపతో ‘రేషన్ కార్డు ఉంటే చాలు’ అని సర్క్యులర్ ఇస్తే, ఓడిపోయిన మరో అభ్యర్థి కోర్టుకెళ్లిన రోజునే అది తేలిపోయేది. సర్క్యులర్‌ను నమ్మి చేరానన్న వాదన ఆ కుర్రాణ్ని కాపాడేది కాదు.

ఇంత బలమైన ఉత్తర్వును ఆనుకునే 1985 డిసెంబరు 30న ఎన్.టి.ఆర్. ప్రభుత్వం జీవో 610 ఇచ్చింది. 1975 అక్టోబరు 18 తర్వాత ఉత్తర్వుకు విరుద్ధంగా ఐదు, ఆరు జోన్లలో చేరినవారిని 1986 మార్చి 31కల్లా సొంత జోన్లకు పంపాలి. సూపర్‌న్యూమరరీ పోస్టుల మాట ఇక్కడా ఉంది. కొమ్మ గట్టిదే. అయినా గడువు దాటిపోయింది. కారణం కాగితంలోనే ఉంది. 610 కొత్త హక్కేమీ పుట్టించలేదు, ఉన్న ఉత్తర్వును అమలు చేయమని శాఖలకు చెప్పిందంతే. ఎవరు విరుద్ధంగా చేరారో ఒక్కో నియామకం తిరగేసి తేల్చాలి. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల వంటివాటికి రాష్ట్రపతి ఉత్తర్వు 14వ పేరా మినహాయింపు ఇచ్చింది. ఏ పోస్టు దాని కిందికి వస్తుంది, ఏది రాదు అన్నదగ్గరే ఫైళ్లు ఆగాయి. తప్పు నియామకాలు చేసిన శాఖలే వాటిని లెక్కగట్టాలి. చేయకపోతే శిక్ష ఏమిటో జీవోలో లేదు.

పదిహేనేళ్లు గడిచాక, 2001లో, ఆ జీవో ఎంతవరకు అమలైందో చూడమని ప్రభుత్వం జె.ఎం. గిర్‌గ్లానీతో ఏకసభ్య సంఘం వేసింది. ఆయన తుది నివేదిక 2004లో వచ్చింది. దాన్ని అమలు చేయడానికి మళ్లీ జీవోలు ఇవ్వాల్సి వచ్చింది.