ఇది ఏ లిపి? అనువాదానికి ముందు అడగాల్సిన ప్రశ్న

మన ఇళ్లలో పాత కాగితం బయటపడితే ఫోటో తీసి, "ఇది గోండి లిపి, అర్థం చెప్పండి" అని పంపుతున్నారు. పిల్లలూ, అర్థం కన్నా ముందు లిపి తేల్చుకోవాలి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతులు సుమారు 1750 నాటివని హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా వేశారు. వాటిలోని కొన్ని అక్షరాలు మోడీ లిపి అక్షరాలను పోలి ఉంటాయి. మరాఠీ లెక్కలు, భూమి పత్రాలు 20వ శతాబ్ది మధ్యదాకా మోడీలోనే రాసేవారు. చిక్కంతా అక్కడే.

మా హాస్టల్ పిల్లలకు మేము మొదట పైగీత చూడమంటాం. మోడీ రాసేవారు ముందు కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసి, దాని కింద అక్షరాలు వేలాడదీసేవారు. కలం ఎత్తకుండా గొలుసుకట్టుగా రాయడం వల్ల మాటల మధ్య ఖాళీ కనబడదు. గుంజాల లిపిలో అలాంటి పైగీత ఉండదు.

గీతల నోటుబుక్కు మాత్రం మోసం చేస్తుంది. గీత, అక్షరాలు ఒకే సిరాతో ఉన్నాయా, ప్రతి అక్షరమూ గీతను అంటుకునే ఉందా అని చూడండి. అందుకే ఫోటోలో గీత కత్తిరించకండి. పేజీ మొత్తం ఒకటి, ఒక వరుస దగ్గరగా ఇంకొకటి తీయండి. సెల్ఫీ కెమెరా వద్దు, అక్షరాలు తిరగబడవచ్చు.

గీత లేకపోతే గుంజాల అక్షరమాలతో పోల్చండి. అది మన 'క'తో కాదు, య, వ, బ వరుసతో మొదలవుతుంది. ఒకటి రెండు అక్షరాలు కలిస్తే చాలదు, పది దాకా కలవాలి.

గోండికి మసరాం లిపి కూడా ఉంది. దాన్ని 1918లో బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసరాం రూపొందించారు. దాని అక్షరాలు వేరు. కాగితం మీద అంతకు ముందు సంవత్సరం ఉంటే అది మసరాం కాదు.

లిపి తేలినా భాష తేలినట్టు కాదు. గోండిని దేవనాగరిలో, తెలుగులో కూడా రాస్తారు. అంకెల పేర్లు వెతకండి. ఉండి, రండ్, మూండ్ అని వస్తే గోండి. ఏక్, దోన్, తీన్ అని వస్తే మరాఠీ.

పైగీత ఉన్న భూమి కాగితాన్ని గోండి పురాణమనుకుని పెట్టెలో పెట్టేస్తే, అందులోని సర్వే నంబరు, తాత పేరు ఎవరికీ తెలియకుండా పోతాయి. అలాంటిది దొరికితే మోడీ చదవగలవారికే చూపించండి.