వైకల్యమున్న వయోజన సంతానానికి మనోవర్తి

శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల, లేదా గాయం వల్ల సొంతంగా బతకలేని కొడుకుకో కూతురుకో మేజరైన తర్వాత కూడా పోషణ ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యత ఇది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125(1)(సి) కింద ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144(1)(సి) అయింది. పెళ్లయిన కూతురు దీని పరిధిలోకి రాదు. పెళ్లయిన కొడుకును మాత్రం చట్టం మినహాయించలేదు.

మామూలు పిల్లల మనోవర్తికి, దీనికి ప్రధానమైన తేడా రుజువులో ఉంది. మైనరు అడిగినప్పుడు వయసే సగం వాదన. మేజరైన బిడ్డ విషయంలో రెండు సంగతులు విడివిడిగా తేల్చాలి: వైకల్యం ఉందని, ఆ వైకల్యం వల్లనే సంపాదించుకోలేకపోతున్నారని. సదరం సర్టిఫికెట్ మొదటిదానికి పనికొస్తుంది, రెండోదానికి అది ఒక్కటే చాలదు. ఇంత శాతం ఉంటే మనోవర్తి వస్తుందని చట్టంలో ఎక్కడా లేదు. కాళ్లు కదలని ఎనభై శాతం మనిషి జీతం తెచ్చుకుంటూ ఉండవచ్చు. అంతకంటే తక్కువ శాతం బుద్ధిమాంద్యం ఉన్న మనిషి బస్సు కూడా ఒంటరిగా ఎక్కలేకపోవచ్చు. అందుకే రోజువారీ పనుల్లో ఏది ఎవరి సాయంతో జరుగుతోందో తల్లి సాక్ష్యంలోనూ డాక్టరు సాక్ష్యంలోనూ రావాలి. వైకల్యం పుట్టుకతోనే ఉండాలన్న షరతు లేదు. పాతికేళ్ల వయసులో బైకు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్నవారూ అడగవచ్చు.

ఊహాత్మకంగా ఒక ఉదాహరణ చూద్దాం. చిత్తూరులో విడాకులు పొందిన తల్లి, ఆమె దగ్గరే ఉన్న బుద్ధిమాంద్యం గల కొడుకు, బెంగళూరులో ఉద్యోగం చేసే తండ్రి. పాత ఉత్తర్వులో నెలకు ఆరు వేలు, 'మేజరయ్యే దాకా' అని ఉంది. పద్దెనిమిది నిండగానే తండ్రి డబ్బు ఆపేశాడు. ఆ ఉత్తర్వు తనంతట తాను కొనసాగదు, కొత్త కారణంతో కొత్త దరఖాస్తు వేయాలి. ఇక్కడే చాలామంది నష్టపోతారు. రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో (2020) సుప్రీంకోర్టు మనోవర్తిని దరఖాస్తు తేదీ నుంచి ఇవ్వాలంది. అంటే పుట్టినరోజుకూ దరఖాస్తుకూ మధ్య గడిచిన నెలల డబ్బు మామూలుగా రాదు.

దరఖాస్తు ఇప్పుడు తల్లి పేరున కాదు, కొడుకు పేరున పడాలి. వ్యవహారం నడుపుకోలేని బిడ్డ తరఫున గార్డియన్ కావాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఏ కలెక్టరాఫీసుకు వెళ్లాలో చిరునామాను బట్టి చూసుకోవాలి. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ ద్వారా ఉచితంగా లాయరు దొరుకుతారు.

కేసు ఎక్కడ వేయాలన్నది సరిహద్దు జిల్లాల్లో పెద్ద ప్రశ్న. తండ్రి ఉన్నచోట వేయవచ్చు. భార్య ఉన్నచోటా వేయవచ్చు, ఈ చట్టంలో 'భార్య' అంటే విడాకులు పొందిన స్త్రీ కూడా. కాబట్టి మన ఉదాహరణలో చిత్తూరు కోర్టే చాలు. తల్లి చనిపోయి బిడ్డ మేనమామ ఇంట్లో ఉంటే ఆ వెసులుబాటు పోతుంది, బెంగళూరు వాయిదాలకు తిరగాల్సి రావచ్చు.

మొత్తానికి పైపరిమితి లేదు; పాత అయిదు వందల రూపాయల గరిష్ఠాన్ని 2001లో తీసేశారు. ఎడతెగని సంరక్షణ అవసరమైన వైకల్యాన్ని మొత్తం నిర్ణయంలో లెక్కలోకి తీసుకోవాలని అదే 2020 తీర్పు చెప్పింది. తిరుపతి బర్డ్ ఆసుపత్రికీ, వేలూరు సీఎంసీకీ వెళ్లివచ్చిన చార్జీలు, ఫిజియోథెరపీ, డైపర్లు, కనిపెట్టుకుని ఉండే మనిషి జీతం నెలవారీగా రాసి బిల్లులు జతచేస్తే అడిగిన అంకెకు ఆధారం ఉంటుంది. తండ్రి ఆస్తి, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన అరవై రోజుల్లో తేల్చాలన్నది చట్టం ఉద్దేశం, వాస్తవంలో అంతకంటే ఆలస్యమవుతుంది. 2024 జూలై నుంచి వస్తున్న ఆరు వేల వికలాంగ పింఛను చూపించి 'నేనెందుకివ్వాలి' అని తండ్రి వాదించవచ్చు. పింఛను ప్రభుత్వ సాయం, తండ్రి బాధ్యతను రద్దు చేసేది కాదు.

ఉత్తర్వు వచ్చాక బకాయి పడితే, బాకీ తేదీ నుంచి ఏడాదిలోగా వారంటు అడగాలి, ఆ తర్వాత అడిగితే ఈ దారిన వసూలు కాదు. చెల్లించని ఒక్కో నెలకూ నెల దాకా జైలు పడవచ్చు.

హిందూ దత్తత, పోషణల చట్టం (1956) మరో దారి చూపిస్తుంది, కానీ కూతురికే. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే మేజరైనా 20వ సెక్షన్ కింద తల్లినీ తండ్రినీ అడగవచ్చు, వైకల్యం చూపనక్కరలేదు. అభిలాష వర్సెస్ ప్రకాశ్ తీర్పు (2020) ఈ తేడానే స్పష్టం చేసింది. ఆ సెక్షన్ కొడుక్కి మైనరుగా ఉన్నంతవరకే హక్కు ఇస్తుంది కాబట్టి, వైకల్యమున్న వయోజన కొడుక్కి 144(1)(సి)యే ఆధారం. తండ్రి మరణంతో ఆ నెలవారీ బాధ్యత ముగుస్తుంది. ఆ తర్వాత కొడుకు నిలబడేది వారసుడిగా. వైకల్యం వారసత్వానికి అడ్డు కాదని హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. తండ్రి తన స్వార్జితాన్ని వీలునామాతో ఇంకెవరికో రాసిపోతే మాత్రం ఆ ఆస్తిలో వారసత్వపు వాటా మిగలదు.