పన్ను కట్టేది ఒకరు, మోసేది మరొకరు: బస్తర్ సంతలో ఉప్పు, చింతపండు

విద్యార్థులారా! పన్ను సొమ్మును ప్రభుత్వానికి చెల్లించిన వ్యక్తే ఆ భారాన్ని మోస్తాడా? బస్తర్ సంతకు వెళ్ళి చూద్దాం.

బ్రిటిష్ కాలంలో బస్తర్ అడవులకు ఉప్పు తూర్పు తీరం నుండి బంజారాల ఎద్దుల మీద వచ్చేది. 1888లో మణుగు ఉప్పుపై, అంటే సుమారు 37 కిలోలపై, పన్ను రెండున్నర రూపాయలు. దాన్ని ఉప్పు తయారైన చోటే వసూలు చేసేవారు. సంతలో గిరిజనుడు సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకునేవాడు. అతని చేతికి పన్ను రసీదు రాలేదు. కాని పన్ను కలిసిన ధరకు కొన్న వ్యాపారి, అదే సారపప్పుకు ఉప్పు తక్కువగా కొలిచేవాడు. ఉప్పుకు బదులు వేరే వస్తువు లేదు. కనుక దాని డిమాండ్ అవ్యాకోచం. వ్యాపారి మాత్రం గిట్టకపోతే మరో సరుకు మోసుకుపోగలడు. అందువల్ల భారం కొనేవారిపై పడింది. అయితే 1903 తర్వాత పన్ను తగ్గేకొద్దీ దేశంలో ఉప్పు వాడకం పెరిగింది. అంటే అంతకుముందు పేదలు కొంత ఉప్పు మానుకున్నారన్నమాట. ఆ లోటు ఏ ఖజానా లెక్కలోనూ కనిపించదు.

ఇప్పుడు అదే గిరిజనుడు అమ్మేవాడైతే? 2017 జూలైలో ఎండు చింతపండుపై జి.ఎస్.టి. 12 శాతం. ఆ సెప్టెంబరులో హైదరాబాదు సమావేశం దాన్ని 5 శాతానికి తగ్గించింది. 2019 అక్టోబరు నుండి పూర్తిగా తొలగించారు. చెల్లించవలసినవాడు నమోదైన వ్యాపారి. మరి భారం ఎవరిది?

ఒక ఊహా లెక్క వేద్దాం. కిలో ధర 40 రూపాయలు, పన్ను 5 రూపాయలు. మన వంటింట్లో పులుసు మానలేం కాబట్టి డిమాండ్ వ్యాకోచత్వం 0.4 మాత్రమే. కాని కాయ చెట్టున పండిపోయింది, నిల్వకు గిడ్డంగి లేదు, ఇంట్లో డబ్బు అవసరం. కనుక సప్లయ్ వ్యాకోచత్వం ఇంకా తక్కువ, 0.1. పన్ను తర్వాత కొనేవారి ధర 41 రూపాయలు, అమ్మేవారికి అందేది 36 రూపాయలు. సరిచూడండి: కొనేవారికి ధర 2.5 శాతం పెరిగితే డిమాండ్ 1 శాతం తగ్గుతుంది. అమ్మేవారికి ధర 10 శాతం తగ్గితే సప్లయ్ కూడా 1 శాతమే తగ్గుతుంది. రెండూ సమానం. 5 రూపాయలలో 4 అమ్మేవారివి, 1 కొనేవారిది.

గమనించండి, రెండు వైపులా అవ్యాకోచమే. ఎవరిది మరింత అవ్యాకోచమో వారిపైనే ఎక్కువ భారం. అదే గిరిజనుడు సరుకును నాలుగు నెలలు దాచుకోగలిగితే సప్లయ్ వ్యాకోచత్వం పెరుగుతుంది, అతని వాటా తగ్గుతుంది. పన్ను రేటు మారనక్కరలేదు.

నిజంగా ఎవరు మోశారో తెలియాలంటే రసీదు చూడకండి. పన్నుకు ముందూ తర్వాతా సంతలో ధర ఎంత, పట్నంలో ధర ఎంత అని పోల్చండి. పంట దిగుబడి మారినా ధర మారుతుంది కాబట్టి దాన్ని విడదీసి చూడాలి.

ఉప్పు కొండెక్కినప్పుడు కొనేవాడు, చింతపండు కొండ దిగినప్పుడు అమ్మేవాడు. రెండుసార్లూ తప్పించుకునే దారి లేనివాడు ఒక్కడే.