పేరు మారినా కదలని బాకీ: దక్షిణ తెలంగాణలో విద్యుత్ బకాయిల బాధ్యత

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కరెంటు ఇచ్చేది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. కనెక్షన్ పేరు మార్చినప్పుడు ఆ సంస్థ మార్చేది పేరునే. సర్వీసు నంబరు పాతదే ఉంటుంది, దాని ఖాతా కూడా అలాగే సాగుతుంది. వెళ్లిపోయిన కిరాయిదారు బాకీ కొత్తవాళ్ల బిల్లులో తేలడానికి మూలం ఇదే.

ఇక్కడ జనం ఒకటిగా చూసే ప్రశ్నలు నిజానికి రెండు. బాకీ ఎవరిది? అది తీరేదాకా ఆ చోటుకు కరెంటు ఆపవచ్చా? మొదటిదానికి జవాబు తేలిక: సర్వీసు ఎవరి పేరున ఉంటే సంస్థ దృష్టిలో వాళ్లే వినియోగదారు. మీటరు యజమాని పేరున ఉంటే, కిరాయిదారు కట్టకుండా పోయినా సంస్థ అడిగేది యజమానినే. ఇషా మార్బుల్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, పాత యజమాని బాకీని వేలంలో కొన్నవాళ్లపై మోపలేమంది.

రెండో ప్రశ్న దగ్గరే మెలిక ఉంది. రాష్ట్రంలో అమలైన సరఫరా సాధారణ నిబంధనల్లోని 8.4 ప్రకారం ఆస్తి అమ్మేవారు ముందే బకాయిలు తీర్చాలి. తీర్చకపోతే ఆ చోటుకు సరఫరా నిరాకరించవచ్చు. ఇదే పంపిణీ సంస్థ కక్షిదారుగా ఉన్న శ్రీగ్ధా బెవరేజెస్ కేసులో 2020 జూన్ 1న సుప్రీంకోర్టు ఈ నిబంధననూ, బకాయిలు కొన్నవారివేనన్న వేలం షరతులనూ చూసి సంస్థ పక్షాన తీర్పిచ్చింది. 2023లో కె.సి. నినాన్ కేసులోనూ ఇలాంటి నిబంధనలు చెల్లుతాయని చెప్పింది. అంటే బాకీ మీది కాకపోయినా, దీపం వెలగాలంటే కట్టక తప్పని పరిస్థితి రావచ్చు. న్యాయం మాట ఎలా ఉన్నా, చట్టం ఇదే.

మిర్యాలగూడలో ఒకరు మడిగె కొన్నారనుకుందాం. పేరు మారిన మరుసటి నెల బిల్లులో 18,000 రూపాయల పాత బాకీ కనిపించింది. అందులో 6,000 కిరాయిదారు ఎగవేసిన నెలసరి బిల్లులు. మిగతా 12,000 ఇంటి కేటగిరీ మీద దుకాణం నడిపినందుకు తర్వాత వేసిన తేడా. మొదటిది పేరు మార్చేనాటికే ఖాతాలో ఉంది కాబట్టి పాత బిల్లులు తీసి చూస్తే దొరికేది. రెండోది అప్పటికి ఎవరికీ తెలియదు. అది ఏ నెలల వాడకానికి వేశారో రాతపూర్వకంగా అడగాలి. స్వాధీనం రోజున మీటరు రీడింగు ఫొటో తీసి ఉంటే ఎవరి వాడకం ఎంతో అక్కడే తేలుతుంది.

బాకీ వయసు కూడా చూడాలి. విద్యుత్ చట్టం 56(2) ప్రకారం, బాకీ మొదట చెల్లించవలసి వచ్చిన నాటినుంచి రెండేళ్లు దాటితే, మధ్యలో బిల్లుల్లో ఎడతెగకుండా చూపి ఉంటే తప్ప దానికోసం కరెంటు కోయరాదు. ఏడాదిపాటు కనబడని బకాయి హఠాత్తుగా తేలితే అనుమానించాల్సిందే. ఒక చిక్కేమిటంటే, ఈ గడువు కరెంటు కోతకే అడ్డం. సివిల్ దావాకు కాదని నినాన్ తీర్పు స్పష్టం చేసింది.

మన మడిగె కొన్నవారు అభ్యంతరం రాసి ఇచ్చి డబ్బు కట్టి, లెక్క తప్పని తోస్తే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. కానీ ఆ వేదిక తేల్చేది సంస్థకూ వినియోగదారుకూ మధ్య తగవునే. అమ్మినవారి నుంచి సొమ్ము రాబట్టాలంటే అమ్మకపు పత్రంలోని షరతే ఆధారం. అమ్మినవారికి మిగిలేది కిరాయిదారు అడ్వాన్సు, అదీ అప్పటికే తిరిగి ఇచ్చేయకపోతే.