యుద్ధం కెమెరాకు చిక్కనప్పుడు

అమెరికా అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా జరిగింది. అప్పటికి సినిమా పుట్టలేదు. ఫొటోగ్రాఫర్లు గాజు పలక మీద రసాయనం పూసి, తడి ఆరేలోపే ఫొటో తీసి కడగాల్సి వచ్చేది. వెలుతురు కొన్ని సెకన్ల పాటు పడితే తప్ప బొమ్మ వచ్చేది కాదు కాబట్టి పరిగెత్తే సైనికుడు మసక మరకగానే మిగిలేవాడు. అందుకే మనకు దక్కినవి పోరుకు ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు, పోరు ముగిశాక పడి ఉన్న శవాల ఫొటోలు. నడుమ జరిగింది దాదాపుగా ఫొటోకెక్కలేదు.

1990లో పీబీఎస్‌లో వచ్చిన ‘ది సివిల్ వార్’ డాక్యుమెంటరీ తొమ్మిది భాగాల్లో దర్శకుడు కెన్ బర్న్స్ ఈ ఖాళీని ఉత్తరాలతో, డైరీలతో నింపాడు. రోడ్ ఐలాండ్ సైనికుడు ఎలీషా హంట్ రోడ్స్, టెన్నెసీ సైనికుడు శామ్ వాట్కిన్స్, దక్షిణాది సంపన్న గృహిణి మేరీ చెస్నట్ రాసుకున్న మాటలు భాగం తర్వాత భాగంలో వినిపిస్తూ ఉంటాయి. అదే గొంతు మళ్లీ వినబడగానే, ఈ మనిషి ఇంకా బతికే ఉన్నాడన్నమాట అని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. వేల ఫొటోలను ఒక్క కథగా కట్టి ఉంచింది ఆ గొంతులే.

మొదటి భాగం చివర్లో మేజర్ సలివన్ బలూ ఉత్తరం వస్తుంది. 1861 జులై 14న, పోరుకు కదలబోతూ భార్య శారాకు రాసినది. బర్న్స్ దాన్ని బాగా కుదించి, ఫిడేలు బాణీ మీద నెమ్మదిగా చదివించాడు. ఆ తర్వాతే వ్యాఖ్యాత బలూ మరణవార్త చెబుతాడు. జులై 21న జరిగిన బుల్‌రన్ పోరులో తగిలిన దెబ్బకే అతను చనిపోయాడు. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే ఉత్తరం నివాళిగా మిగిలేది. రాసిన రోజున రాసినవాడికి తెలిసినంతే మనకూ తెలియడం వల్ల అది ఇంకా బతికున్న మనిషి మాటగా వినిపిస్తుంది. ఉత్తరాలతో కథ అల్లేవారు మొదట చేయాల్సిన పని ఇదే: ప్రతి కాగితాన్నీ తేదీ వారీగా పేర్చి, ఆ తేదీ తర్వాతి సంగతిని దాని సమయం వచ్చేదాకా బయటపెట్టకపోవడం.

ఫొటోకూ ఇదే వర్తిస్తుంది. ఫొటో మీద కదిలే కెమెరా మొదట తుపాకీ పట్టుకున్న చేతిని చూపి, మెల్లగా పైకి వెళ్లి మీసమైనా రాని ముఖం దగ్గర ఆగితే అదొక చిన్న కథ. ముఖమే ముందు చూపిస్తే ఆ కథ లేదు.

అయితే ఫొటో అబద్ధమూ చెప్పగలదు. 1863లో గెటిస్‌బర్గ్‌లో తీసిన ఒక ఫొటోను అలెగ్జాండర్ గార్డ్‌నర్ రాళ్ల మాటున పడి ఉన్న తిరుగుబాటు షార్ప్‌షూటర్ అంటూ ప్రచురించాడు. శతాబ్దం దాటాక చరిత్రకారుడు విలియం ఫ్రసానిటో ఆ నేల మీద తిరిగి, ఇతర ఫొటోలతో పోల్చి చూశాడు. అదే శవం మరోచోట కూడా కనిపించింది. ఫొటో కోసం శవాన్ని మోసుకొచ్చి అక్కడ పెట్టారని తేలింది. కాబట్టి ఫొటో కింది రాతను సాక్ష్యంగా తీసుకోకూడదు. అదే చోట, అదే రోజున తీసిన మిగతా ఫొటోలను పక్కన పెట్టి చూడాలి. ఎవరిదో తెలియని ముఖాన్ని ఉత్తరం రాసినవాడి ముఖంగా ఎన్నడూ చూపకూడదు.