పందొమ్మిది నుంచి యాభై ఏడు

1907 ఆగస్టు 27. కెనడాలో క్యూబెక్ దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద ఉక్కు వంతెన సగం లేచింది. దక్షిణపు ఒడ్డు వైపు, కింది వరసలో ‘ఏ9-ఎల్’ అనే దిమ్మెను నార్మన్ మెక్‌లూర్ అనే కుర్ర ఇంజనీరు కొలిచాడు. వారం కిందట ఆ దిమ్మె వంపు 19 మిల్లీమీటర్లు. ఇప్పుడు 57.

తయారీ కంపెనీ వాళ్లు కొట్టిపారేశారు: ఆ వంపు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే ఉందన్నారు. ఉందనే అనుకుందాం. అయినా అది ధైర్యం చెప్పే మాట కాదు.

వెల్దుర్తిలో స్లాబు కింద వంకర సరుగుడు కర్రను పోటు పెట్టారనుకోండి. పైబరువు 100 టన్నులు కాకపోయినా, లెక్క కోసం అంతే అనుకుందాం. నడుమ వంపు 10 మిల్లీమీటర్లు. బరువు దిగే గీతకూ కర్రకూ ఆ నడుమ 10 మిల్లీమీటర్ల ఎడం. 100 టన్నులను 0.01 మీటరుతో హెచ్చిస్తే 1 టన్ను-మీటరు వంచే బలం. ఆ బలం కర్రను ఇంకాస్త వంచుతుంది. వంగేకొద్దీ ఎడం పెరుగుతుంది, ఎడంతో పాటు వంచే బలమూ పెరుగుతుంది. నిటారు కర్ర పక్కకు ఒరిగిపోయే బరువును అవధి అంటే, మన బరువు అందులో సగమైనప్పుడు 10కి 5, దానికి 2.5 చేరుతూ పోయి 20 దగ్గర ఆగుతుంది. బలం రెట్టింపు. బరువు అవధిలో పదింట తొమ్మిది వంతులైతే 10, 9, 8.1... కూడితే 100. పదింతలు! నిజానికి అంతదాకా పోకముందే కర్రో, వంతెనలోనైతే లోహమో, అతుకో లొంగిపోతుంది.

అందుకే వంపు ఎంత ఉందన్నది ఒక ఎత్తు, అది పెరుగుతోందా అన్నది ఇంకో ఎత్తు. మెక్‌లూర్ అంకెల్లో ఉన్నది ఆ రెండోదే. బరువు మారలేదనుకున్నా ఎడం మూడింతలైతే వంచే బలం మూడింతలు. ఇక్కడ బరువూ రోజురోజుకూ పెరుగుతోంది.

అతను న్యూయార్క్‌లోని సలహాదారు థియోడర్ కూపర్ దగ్గరకు వెళ్లాడు. 29న కూపర్ కొత్త బరువు పెట్టవద్దని టెలిగ్రామ్ ఇచ్చాడు. అయితే అది పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్‌లో ఉన్న తయారీ కంపెనీకి. పని నడుస్తున్న క్యూబెక్‌కు ఆ కబురు సమయానికి చేరలేదు. సాయంత్రం అయిదున్నర దాటాక, పదిహేను సెకన్లలో వంతెన నదిలో కూలింది. పైనున్న 86 మందిలో 75 మంది చనిపోయారు.

విచారణ జరిపిన రాయల్ కమిషన్ కింది దిమ్మెల డిజైనునే తప్పుపట్టింది. ఒక్కో దిమ్మె నాలుగు పలకల కూర్పు. వాటిని ఒకటిగా పట్టి ఉంచేవి అడ్డంగా, ఏటవాలుగా వేసిన సన్నని ఉక్కు పట్టీలు, వాటి రివెట్లు. దిమ్మె తిన్నగా ఉన్నంతసేపు వాటికి పెద్ద పనేమీ ఉండదు. అది వంగగానే పలకలు ఒకదాని మీద ఒకటి జారబోతాయి, ఆ జారుడంతా పట్టీలే ఆపాలి. వంచే బలం పెరిగినంతా జారుడూ పెరుగుతుంది. ఆ పట్టీలు అంత పనికి చాలలేదు.